నాలుగు వారాలైనా విరేచనాలు ఆగట్లేదా? ముందు మందుల డబ్బా తెరవండి

నాలుగు వారాలు దాటాయంటే అది ఆ రోజు పెళ్లిలో తిన్న భోజనం పని కాదు. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే విరేచనాలు చాలావరకు రెండు వారాల్లోపే సర్దుకుంటాయి. అయినా నా దగ్గరికి వచ్చేసరికి చాలామంది మెడికల్ షాపులో అడిగి మెట్రోనిడజోల్ అనే ఇన్ఫెక్షన్ మందు రెండు మూడు సార్లు వాడేసి ఉంటారు. ఓఆర్ఎస్ తాగడం, కారం తగ్గించడం మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

మోషన్‌లో రక్తం పడుతున్నా, జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా, అర్ధరాత్రి నిద్రలోంచి లేచి పరిగెత్తాల్సి వస్తున్నా కింద రాసినదంతా పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అలాంటప్పుడు పేగులో పుండ్లు, పేగు టీబీ, క్యాన్సర్ లేవని తేల్చుకోవాలి, పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ తప్పకపోవచ్చు.

అవేవీ లేకుండా పొద్దున్నే, తిన్న వెంటనే నాలుగైదు సార్లు నీళ్లలా పోతోంది, మీకు షుగర్ కూడా ఉంది అంటే నేను ముందు అడిగేది ఒక్కటే: విరేచనాలు తెప్పించగల షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా? "లేదండీ, షుగర్ బిళ్ల ఒక్కటే" అంటారు. ఆ బిళ్లలోనే ఉంటుంది. గ్లిమిపిరైడ్‌తోనో ఇంకో మందుతోనో కలిపి వచ్చే మాత్రల్లో పేరు వేరుగా ఉంటుంది, మెట్‌ఫార్మిన్ అనే మాట స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఒక పెద్దాయన, యాభై ఎనిమిదేళ్లు, ఆరేళ్లుగా ఇదే మందు. మూడు నెలలుగా విరేచనాలు. వేరే చోట కొలనోస్కోపీ చేశారు, నార్మల్. "కొత్త మందులేమీ లేవు" అని ఖచ్చితంగా చెప్పారు. నేనూ మొదటిసారి ఆ మాట నమ్మి థైరాయిడ్ పరీక్ష రాసి పంపాను, అదీ నార్మలే. రెండోసారి ఇంట్లో ఉన్న స్ట్రిప్‌లన్నీ తెమ్మన్నాను. వాళ్లావిడ బిస్కెట్ల డబ్బాతో సహా తెచ్చారు. అడుగున ఉన్న పాత ఖాళీ స్ట్రిప్ మీద మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ 1000 అని ఉంది. కొత్తదాని మీద అదే మందు, అదే 1000, కానీ ఎస్ఆర్ లేదు. ఎస్ఆర్ అంటే మెల్లగా కరిగేది, అది చాలామంది కడుపుకు పడుతుంది. మామూలుది ఒక్కసారిగా కరిగి కొందరిని బాత్రూమ్‌కి కట్టేస్తుంది. షాపులో స్టాక్ లేక "ఒకటేనండీ" అని వేరే కంపెనీది ఇచ్చారు, ఆయన అదే అనుకున్నారు. పది రోజులు ఆపించి, రోజూ షుగర్ చూపించుకుంటూ వేరే మందు ఇచ్చాను. ఐదో రోజుకి మోషన్ గట్టిపడింది. తర్వాత ఎస్ఆర్ 500 రాత్రి భోజనంతో మొదలుపెట్టాం, మళ్లీ రాలేదు.

షాపులో మందు మారకపోయినా, డోసు పెంచినప్పుడు రావచ్చు. ఏళ్ల తరబడి పడిన మందే ఒక రోజు పడకపోవచ్చు కూడా, అందుకే "ఎప్పటినుంచో వాడుతున్నా" అన్న మాట నేను లెక్కలోకి తీసుకోను. కానీ మీ అంతట మీరు ఆపేయకండి, షుగర్ పెరిగిపోతుంది. వాంతులు కూడా మొదలై నీళ్లు నిలవకపోతే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, ఒంట్లో నీరు తగ్గి కిడ్నీ దెబ్బతింటే ఈ మందే ప్రమాదం.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు ఒక కాగితం మీద రాయండి: రోజుకి ఎన్నిసార్లు, ఎప్పుడు, నీళ్లలానా జిగటగానా, నూనెలా తేలుతోందా, పాలు తాగిన రోజు ఎక్కువవుతోందా. మొదలైన తారీఖు, దానికి ముందు రెండు మూడు నెలల్లో మారిన ప్రతి మందు రాసి, పక్కన మీ బరువు కూడా వేయండి. పిత్తాశయం ఆపరేషన్ అయి ఉంటే చెప్పండి, ఆ తర్వాత పిత్తరసం పేగులోకి ఎక్కువగా దిగి కూడా విరేచనాలవుతాయి. అసిడిటీ మందులు, ఆయుర్వేద చూర్ణాలు, షుగర్‌లెస్ చాక్లెట్లు కూడా రాయండి, అవీ చేస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, స్ట్రిప్‌లు పట్టుకెళ్లండి.

మొదట రాసే పరీక్షలు ఇవే ఉంటాయి: రక్తహీనత, వాపు తెలియడానికి సీబీసీ, సీఆర్పీ, కిడ్నీ, లవణాలు, థైరాయిడ్, మోషన్ పరీక్ష. మోషన్ శాంపిల్‌లో మూత్రం కలవకూడదు, ఆలస్యం చేయకుండా ల్యాబ్‌లో ఇవ్వాలి. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష పేగులో వాపు ఉందో లేదో చెబుతుంది, అది తక్కువుంటే చాలామందికి వెంటనే కొలనోస్కోపీ అక్కర్లేదు. నొప్పి మాత్రలు వాడుతుంటే అది ఊరికే పెరగొచ్చు, ముందే చెప్పండి. గోధుమ పడకపోవడం తెలిపే టీటీజీ రక్తపరీక్ష రాస్తే, ఆ రోజు వరకు చపాతీలు మానకండి, మానేస్తే పరీక్ష తప్పు చూపించవచ్చు. హెచ్ఐవీ పరీక్ష రాసినా కంగారు పడకండి, నెలలు దాటిన విరేచనాలకు అది మామూలుగా చేసేదే.

క్లోమం జబ్బులు, హార్మోన్ గడ్డలు లాంటివి అరుదు, వాటి పరీక్షలు తర్వాతి సంగతి. మందు మార్చి రెండు వారాలైనా తేడా లేకపోతే కొలనోస్కోపీకి ఒప్పుకోండి. పేగు పైకి బాగానే కనిపించినా చిన్న ముక్కలు తీసి బయాప్సీకి పంపమని అడగండి, కొన్ని వాపులు సూక్ష్మదర్శినిలోనే కనిపిస్తాయి.