సైనైడ్ లాంటి విషం శ్వాస గొలుసులో ఎక్కడ అడ్డుపడుతోందో కనిపెట్టడం ఎలా?

సైనైడ్ పడితే కణం ఆక్సిజన్ వాడుకోవడం ఆగిపోతుంది, ఏటీపీ తయారీ కూడా ఆగిపోతుంది. ఇంతవరకు పాఠ్యపుస్తకంలో ఉన్నదే. కానీ వేరే చోట్ల అడ్డుపడే విషాలు, రోటెనోన్ వేసినా, ఆంటిమైసిన్ వేసినా, చివరికి ఒలిగోమైసిన్ వేసినా ఆక్సిజన్ వాడకం ఇంచుమించు ఇలాగే పడిపోతుంది. కాబట్టి "ఆక్సిజన్ ఆగింది, అంటే సైనైడ్ లాంటిదే" అని రాసేస్తే సగం సార్లు తప్పే అవుతుంది. గ్రాఫ్ చూసి అడ్డు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలో చెబుతాను, ఆ క్రమంలో సైనైడ్ ఏం చేస్తుందో కూడా తేలిపోతుంది.

ముందు శ్వాస గొలుసు దారి గుర్తుపెట్టుకోండి

ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లలో ఎక్కువ భాగాన్ని ఎన్ఏడీహెచ్ మోసుకొచ్చి మైటోకాండ్రియా లోపలి పొరలో ఉన్న ఒకటో కాంప్లెక్స్‌కి ఇస్తుంది. సక్సినేట్ నుంచి వచ్చేవి రెండో కాంప్లెక్స్ గుండా వస్తాయి. రెండు దారులూ యుబిక్వినోన్ దగ్గర కలుస్తాయి. అక్కడి నుంచి మూడో కాంప్లెక్స్, ఆ తర్వాత సైటోక్రోమ్ సి, చివర నాలుగో కాంప్లెక్స్. నాలుగు ఎలక్ట్రాన్లు ఒక ఆక్సిజన్ అణువుకి చేరితే రెండు నీటి అణువులు తయారవుతాయి. ఈ ప్రయాణంలో ఒకటి, మూడు, నాలుగు కాంప్లెక్స్‌లు ప్రోటాన్లను పొర అవతలకి తోస్తాయి, అవి ఏటీపీ సింథేజ్ గుండా వెనక్కి వస్తుంటే ఏటీపీ తయారవుతుంది. రెండో కాంప్లెక్స్ ప్రోటాన్లను తోయదు, కానీ మన పనికి అదే బాగా ఉపయోగపడుతుంది, ఎందుకో కింద చూడండి.

సైనైడ్ కూర్చునేది నాలుగో కాంప్లెక్స్‌లో, ఆక్సిజన్ అతుక్కోవాల్సిన హీమ్ ఎ3 అనే చోట ఉన్న ఇనుము మీద, ముఖ్యంగా ఆ ఇనుము Fe³⁺ రూపంలో ఉన్నప్పుడు. కార్బన్ మోనాక్సైడ్ కూడా అక్కడికే వస్తుంది కానీ Fe²⁺ మీద, ఆక్సిజన్‌తో పోటీపడి కూర్చుంటుంది. బలమైన వెలుతురు వేస్తే కార్బన్ మోనాక్సైడ్ ఆ ఇనుము నుంచి ఊడిపోతుంది కూడా. సైనైడ్ విషయంలో ఆ సౌకర్యం లేదు.

గ్రాఫ్‌తో పని

మూతపెట్టిన చిన్న గాజు గదిలో వేరుచేసిన మైటోకాండ్రియా, ఫాస్ఫేట్ ఉన్న ద్రావణం, అడుగున ఆక్సిజన్‌ని కొలిచే ఎలక్ట్రోడ్ ఉంటాయి. అడ్డంగా సమయం, నిలువుగా ఆక్సిజన్. గీత ఎంత నిటారుగా దిగితే వాడకం అంత ఎక్కువ, గీత చదునైతే వాడకం లేనట్టే.

ఒక ఉదాహరణ తీసుకుందాం, అంకెలు లెక్క కోసం నేను పెట్టుకున్నవే. ఎన్ఏడీహెచ్ ద్వారా ఒకటో కాంప్లెక్స్‌కి ఎలక్ట్రాన్లు అందించే గ్లుటమేట్, మాలేట్ ఇచ్చి, ఏటీపీ తయారీకి ముడిసరుకైన ఏడీపీ కలిపాం. ఆక్సిజన్ నిమిషానికి 60 యూనిట్ల చొప్పున తగ్గుతోంది. అప్పుడు పేరు తెలియని విషం "ఎక్స్" కలిపాం, గీత దాదాపు చదునైంది. ఇప్పుడు అసలు పని మొదలవుతుంది.

మొదట డీఎన్‌పీ కలపండి. ఇది పొరకి చిల్లు పెట్టినట్టుగా ప్రోటాన్లను ఏటీపీ సింథేజ్ అవసరం లేకుండానే లోపలికి వదిలేస్తుంది. అడ్డు ఏటీపీ సింథేజ్ దగ్గర ఉంటే, ఒలిగోమైసిన్ చేసేది అదే, ప్రోటాన్లు వెనక్కి రాలేక పేరుకుపోవడం వల్లే గొలుసు నెమ్మదించింది కాబట్టి డీఎన్‌పీ వేయగానే గీత మళ్ళీ దిగడం మొదలవుతుంది. మన ఎక్స్ విషయంలో గీత కదల్లేదు. అంటే అడ్డు ఎలక్ట్రాన్ల దారిలోనే ఉంది. ఈ పరీక్షని చాలామంది దాటేస్తారు, తప్పులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

తర్వాత సక్సినేట్ ఇవ్వండి. దాని ఎలక్ట్రాన్లు ఒకటో కాంప్లెక్స్‌ని తాకకుండా యుబిక్వినోన్‌కి చేరతాయి. గీత దిగితే అడ్డు ఒకటో కాంప్లెక్స్ దగ్గరని దాదాపు తేలిపోయినట్టే, రోటెనోన్ అలాంటిదే, ఇక అక్కడే ఆగిపోవచ్చు. మన గీత ఇంకా చదునుగానే ఉంది.

ఆఖరిది, ఆస్కార్బేట్‌తో పాటు టీఎంపీడీ ఇవ్వడం. టీఎంపీడీ ఎలక్ట్రాన్లను నేరుగా సైటోక్రోమ్ సికి అందిస్తుంది, అంటే మూడో కాంప్లెక్స్‌ని కూడా తప్పించేశాం. ఎక్స్ గనక మూడో కాంప్లెక్స్‌ని ఆపే ఆంటిమైసిన్ అయితే గీత జోరుగా దిగాలి. మనకి నిమిషానికి 6 యూనిట్లు వచ్చింది. మరీ సున్నా కాదు కదా, కొంచెం పనిచేస్తోందేమో అని అనుమానం వస్తుంది. ఇక్కడ తొందరపడొద్దు: ఆస్కార్బేట్, టీఎంపీడీ మైటోకాండ్రియా లేకపోయినా వాటంతటవే కొంత ఆక్సిజన్‌ని తినేస్తాయి. అవి మాత్రమే ఉన్న ద్రావణంలో కొలిచి చూస్తే అక్కడా 6 వచ్చింది. తీసేస్తే మిగిలేది సున్నా. అడ్డు నాలుగో కాంప్లెక్స్ దగ్గరే, ఎక్స్ సైనైడ్ కోవకి చెందినదే. సైనైడా, అజైడా, కార్బన్ మోనాక్సైడా అన్నది మాత్రం ఈ గ్రాఫ్ చెప్పదు.

రంగుతో సరిచూసుకోవడం

కాలువకి అడ్డుకట్ట వేస్తే పైన నీళ్ళు నిండి కింద ఎండిపోతుంది కదా, ఎలక్ట్రాన్లూ అంతే. అడ్డుకి ముందున్నవన్నీ ఎలక్ట్రాన్లతో నిండిపోతాయి, తర్వాతవి ఖాళీ అవుతాయి. ఎలక్ట్రాన్ ఉన్న సైటోక్రోమ్ సి 550 నానోమీటర్ల దగ్గర కాంతిని స్పష్టంగా పీల్చుకుంటుంది, ఖాళీగా ఉన్నది అలా చేయదు. సైనైడ్ వేస్తే ఆ 550 గీత గట్టిగా కనిపిస్తుంది. ఆంటిమైసిన్ వేస్తే మూడో కాంప్లెక్స్‌లోని సైటోక్రోమ్ బి నిండి, సి ఖాళీగా ఉంటుంది. 1925లో డేవిడ్ కీలిన్ సైటోక్రోమ్‌లకి ఆ పేరు పెట్టింది ఇలాంటి గీతల్ని స్పెక్ట్రోస్కోప్‌లో చూస్తూనే.

మనిషిలో ఇదే ఎలా కనిపిస్తుంది

ఊపిరితిత్తులు పనిచేస్తుంటాయి, రక్తంలో ఆక్సిజన్ ఉంటుంది, వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ మామూలు అంకెలే చూపించవచ్చు. కణజాలం మాత్రం దాన్ని తీసుకోదు, అందుకే సిరల్లో తిరిగి వచ్చే రక్తం కూడా ధమనుల రక్తంలా ఎర్రగా ఉండవచ్చు. లోపల ఎన్ఏడీహెచ్ పేరుకుపోతుంది, కణం గ్లూకోజ్ నుంచి దాదాపు 30 ఏటీపీలు తీసేదల్లా గ్లైకాలిసిస్ ఇచ్చే 2 ఏటీపీలతో సరిపెట్టుకోవాలి. ఆ కాస్తా నడవాలంటే ఎన్ఏడీహెచ్‌ని ఖాళీ చేయాలి, పైరువేట్‌ని లాక్టేట్‌గా మార్చి ఆ పని కానిస్తుంది. అందుకే అగ్నిప్రమాదంలో పొగ పీల్చిన వ్యక్తికి పెద్ద కాలిన గాయాలు లేకపోయినా లాక్టేట్ లీటరుకి 10 మిల్లీమోల్ దాటితే వైద్యులు సైనైడ్‌ని అనుమానించి, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా హైడ్రాక్సోకోబాలమిన్ ఇస్తారు. దానిలోని కోబాల్ట్ సైనైడ్‌ని గట్టిగా పట్టుకుని విటమిన్ బి12 రూపంగా మారి మూత్రంలో పోతుంది.

ఇంకో సంగతి, ప్రోటాన్ల ఒత్తిడి పడిపోయాక ఏటీపీ సింథేజ్ వెనక్కి తిరిగి, ఉన్న ఏటీపీని కూడా ఖర్చు చేయగలదు. ఐఎఫ్1 అనే చిన్న ప్రోటీన్ దాన్ని కొంతవరకు ఆపుతుంది.

మొక్కల మైటోకాండ్రియాతో ఇదే పరీక్ష చేస్తే మాత్రం జాగ్రత్త. వాటిలో ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ అనే ఇంకో ఎంజైమ్ యుబిక్వినోన్ నుంచే నేరుగా ఆక్సిజన్‌కి ఎలక్ట్రాన్లు ఇస్తుంది, సైనైడ్ దానికి తగలదు. గీత దిగుతూనే ఉంటుంది, దాన్ని చూసి నాలుగో కాంప్లెక్స్ బాగానే ఉందనుకోకూడదు. ఆ దారిని ఆపే ఎస్‌హెచ్ఏఎమ్ కూడా కలిపి చూశాకే నిర్ణయానికి రావాలి.