డోకు, పచ్చ మూత్రం, పచ్చ కళ్లు: కాలేయం ఏం చెబుతోంది?

నూనె వాసనకే డోకొస్తోంది

హాస్టల్లో ఉండే పాతికేళ్ల కుర్రాడికి వానాకాలంలో కొద్దిగా జ్వరం, వికారం పట్టుకున్నాయనుకుందాం. మెస్‌లో పూరీలు వేగే వాసన వచ్చినా కడుపులో తిప్పేస్తోంది. చాలామంది దీన్ని గ్యాస్ అనుకుని బిళ్ల మింగి ఊరుకుంటారు.

కలుషితమైన నీళ్లతోనో తిండితోనో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు కాలేయంలో చేరతాయి. వాటితో పోరాడేటప్పుడు ఒంట్లో విడుదలయ్యే రసాయనాలు ఆకలిని చంపి వికారం తెస్తాయి. పైగా వాచిన కాలేయం నుంచి పేగులోకి పైత్యరసం సరిగ్గా దిగదు. కొవ్వు అరగడానికి కావలసింది ఆ రసమే. అసలే కొవ్వు తింటే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి వికారం ఇంకా ముదురుతుంది.

కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినాలి. వేపుళ్లు పడకపోతే మానేయొచ్చు గానీ, ఉప్పూ నూనే లేని చప్పిడి పథ్యంతో రోగిని మరింత నీరసపెట్టనక్కర్లేదు.

మూత్రం డికాక్షన్ రంగులో వస్తోంది

పాత ఎర్ర రక్తకణాలు విరిగితే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. కాలేయం దాన్ని నీళ్లలో కరిగేలా మార్చి పైత్యరసంలోకి వదులుతుంది. ఆ దారి మందగిస్తే కరిగే బిలిరుబిన్ వెనక్కి రక్తంలోకి వచ్చి మూత్రంలో దిగుతుంది. పేగుకు చేరేది తగ్గి మలం పాలిపోవచ్చు.

నీళ్లు తక్కువ తాగినా మూత్రం ముదురుతుంది. బాగా తాగాక కూడా రంగు తేలకపోతే, నురగ సైతం పచ్చగా కనిపిస్తే కాలేయాన్ని అనుమానించాలి. బి కాంప్లెక్స్ బిళ్లలతో వచ్చేది మెరిసే పసుపు, అది వేరు.

కళ్లు పచ్చబడ్డాయి

సాధారణంగా ఇది మూత్రం తర్వాతే కనిపిస్తుంది. డెసిలీటరు రక్తంలో బిలిరుబిన్ దాదాపు 3 మిల్లీగ్రాములు దాటాక గానీ కంటి తెల్లగుడ్డు మీద స్పష్టంగా తెలియదు. పగటి వెలుగులో చూడాలి.

కళ్లు కాస్త పచ్చగా ఉన్నా మూత్రం మామూలుగానే ఉంటే కారణం వేరే. పస్తున్నప్పుడల్లా అలా కనిపించే గిల్బర్ట్ సిండ్రోమ్ హాని లేనిది. రక్తకణాలు ఎక్కువగా విరుగుతున్నా కళ్లు పచ్చబడతాయి కాబట్టి ఏదన్నది పరీక్షతోనే తేల్చుకోవాలి.

ఏం చేయాలి?

మన కుర్రాడికి బిలిరుబిన్ 7, కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ 1600, ఐఎన్‌ఆర్ 1.1 వచ్చాయనుకోండి. ఇంట్లోవాళ్లు 1600 చూసి హడలిపోతారు. నిజానికి ముందు చూడాల్సింది ఐఎన్‌ఆర్. రక్తం గడ్డకట్టే గుణాన్ని చెప్పే ఆ అంకె పెరుగుతుంటే కాలేయం చేతులెత్తేస్తోందని అర్థం. 1.1 దగ్గరుంటే విశ్రాంతి, నీళ్లు, తిండి, మళ్లీ పరీక్షలు చాలు. హెపటైటిస్ ఎ అయితే ఎక్కువమందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పసరు తాగి తగ్గిందనేవాళ్లలో చాలామందికి తగ్గింది ఇలాగే. ఆ పసరులో ఏముందో తెలియదు, కొన్ని మూలికలు కాలేయాన్నే దెబ్బతీస్తాయి. మద్యం ముట్టకూడదు. పారాసెటమాల్ కూడా డాక్టరు చెప్పిన మోతాదు దాటొద్దు. హెపటైటిస్ బి, సి పరీక్షలూ చేయించాలి, వాటి దారి వేరు.

మగత, తికమక మాటలు, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. గర్భిణి కళ్లు పచ్చబడితే ఇవేవీ కనిపించేదాకా ఆగొద్దు. నెలలు నిండుతున్నవాళ్లకు హెపటైటిస్ ఇ ప్రాణాంతకం కావచ్చు.