ఎమ్మారై రిపోర్టులో పార్షియల్ టేర్ అని ఉంది, మోకాలు మాత్రం జారిపోతోంది: సమస్య ఎక్కడుంది?

అనంతపురంలో ఫిజియోథెరపీ చేస్తుంటాను. మోకాలి రిపోర్టు పట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, సగం తెగిందా, మొత్తం తెగిందా?" ఈ ప్రశ్నకు కాగితం ఒక జవాబు, మోకాలు ఇంకో జవాబు చెప్పినప్పుడు ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

సమస్య: రిపోర్టు సగమే తెగిందంటోంది, నడుస్తుంటే మోకాలు పక్కకు జారుతోంది

కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక డిగ్రీ కుర్రాడి సంగతి చెప్తాను. కబడ్డీలో కూతకు వెళ్లి గబుక్కున వెనక్కి తిరగబోయాడు, పాదం నేలకు అతుక్కున్నట్టు అక్కడే ఉండిపోయి మోకాలు మెలితిరిగింది. లోపల టప్పుమని శబ్దం వచ్చిందట, రెండు గంటల్లోపే మోకాలంతా వాచిపోయింది. వాపు అంత తొందరగా వచ్చిందంటే కీలు లోపల రక్తం చేరి ఉంటుందని అనుమానించాలి, అలాంటి వాపు వెనకాల చాలాసార్లు ఏసీఎల్ అనే లిగమెంట్, అంటే మోకాలి మధ్యలో కింది ఎముక ముందుకు జారకుండా పట్టుకునే పట్టీ, దానికి తగిలిన దెబ్బ ఉంటుంది. ఆ వారంలోనే ఎమ్మారై తీయించారు. చివర్లో ఇంప్రెషన్ దగ్గర "హై గ్రేడ్ పార్షియల్ టేర్ ఆఫ్ ఏసీఎల్" అని వచ్చింది. సగమే కదా, అదే అతుక్కుంటుందిలే అని వాళ్ల నాన్న పుత్తూరు కట్టు వేయించాడు. కట్టు విప్పాక తిన్నగా రోడ్డు మీద బాగానే నడుస్తున్నాడు, చేను గట్టు మీద మలుపు తిరిగితే మాత్రం మోకాలు చటుక్కున జారి కింద పడుతున్నాడు. తొడ కండ కూడా బాగా సన్నబడింది.

కారణం

పార్షియల్ అన్న మాట, ఫోటోలో పోగులు ఎలా కనిపించాయన్నదాన్ని బట్టి రాసింది. మోకాలు ఎంత గట్టిగా నిలబడుతుందో అది చెప్పదు. ఎమ్మారైలో మోకాలిని 3, 4 మిల్లీమీటర్ల మందం ముక్కలుగా చూస్తారు, ఏసీఎలేమో కీలు మధ్యలో ఏటవాలుగా ఉంటుంది, కాబట్టి ఒక్కో ముక్కలో దాని కొంత భాగమే పడుతుంది. దెబ్బ తగిలిన కొత్తలో రక్తం, వాపు కలిసి పోగులు మసకగా కనిపిస్తాయి. పూర్తిగా తెగిన లిగమెంట్‌ను పట్టుకోవడంలో ఎమ్మారై చాలా నమ్మదగ్గదే, సగం తెగిందా దాదాపు మొత్తం తెగిందా అని తేల్చడంలోనే తడబడుతుంది. ఇంకో సంగతి, తెగిన ఏసీఎల్ కొన్నాళ్లకు పక్కనున్న పీసీఎల్ అనే ఇంకో లిగమెంట్ మీద వాలి అక్కడే అతుక్కుంటుంది. అప్పుడు పోగులు ఉన్నట్టే కనిపిస్తాయి, పని మాత్రం చేయవు.

రిపోర్టులో మాటలు మెట్లు మెట్లుగా ఉంటాయి. స్ప్రెయిన్ లేదా గ్రేడ్ 1 అంటే పోగులు తెగలేదు, సాగి వాచాయి. పార్షియల్ లేదా గ్రేడ్ 2 అంటే కొన్ని తెగాయి. హై గ్రేడ్ పార్షియల్, నియర్ కంప్లీట్ అంటే ఎక్కువ భాగం పోయింది. కంప్లీట్ లేదా గ్రేడ్ 3, ఫుల్ థిక్‌నెస్, డిస్‌కంటిన్యుటీ, నాన్ విజువలైజ్డ్ అంటే మొత్తం తెగింది. "క్లినికల్ కోరిలేషన్" అని ఉంటే, ఫోటో ఒక్కదాంతో తేల్చకండి, మోకాలిని పరీక్షించి చూడండి అని రేడియాలజిస్ట్ అడుగుతున్నట్టు.

చాలామంది ఇంప్రెషన్ ఒక్కటే చదివి వదిలేస్తారు, పైన పేరాల్లో ఉన్నది చూడరు. ఈ కుర్రాడి రిపోర్టులో పైన "యాంటీరియర్ టిబియల్ ట్రాన్స్‌లేషన్" అని, "పీసీఎల్ బక్లింగ్" అని రాసి ఉంది. అంటే కింది ఎముక ముందుకు జరిగింది, దాంతో పీసీఎల్ వంగింది. ఏసీఎల్ సరిగ్గా పట్టుకుని ఉంటే ఎముక అలా జరగదు. కింద పార్షియల్ అని ఉండి పైన ఈ రెండు మాటలు కనిపించాయంటే, అది నిజంగా పార్షియలేనా అని డాక్టర్‌ని గట్టిగా అడగండి.

ఏం చేయాలి

ఎముకల డాక్టర్ చేతిపరీక్షే ఇక్కడ అసలు తీర్పు. మోకాలిని 20, 30 డిగ్రీలు వంచి కింది ఎముకను ముందుకు లాగి చూస్తారు, దాన్ని లాక్‌మన్ అంటారు. రెండు కాళ్లకూ చేసి పోల్చాలి. బాగున్న కాల్లో లాగితే ఒకచోట టక్కున ఆగుతుంది. తెగిన కాల్లో ఎక్కువ దూరం వస్తుంది, ఆ ఆగడం తెలియదు. వాపు, నొప్పి ఉంటే కండరాలు బిగుసుకుని పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి, రెండు మూడు వారాలకు వాపు దిగాక మళ్లీ చేయించుకోండి. వెళ్లేటప్పుడు కాగితం ఒక్కటే కాదు, సీడీ కూడా తీసుకెళ్లండి, ఫోటోలు డాక్టరే స్వయంగా చూసుకుంటారు.

మోకాలు గట్టిగా నిలబడితే నిజమైన పార్షియల్ టేర్‌కు వ్యాయామాలతో ముందుకు పోవచ్చు: మొదట కాలు పూర్తిగా చాపగలగాలి, తర్వాత తొడ ముందు, వెనుక కండలు పెంచాలి, అప్పటిదాకా కబడ్డీ, షటిల్ లాంటివి బంద్. పదే పదే జారుతుంటే మాత్రం నాన్చొద్దు, జారిన ప్రతిసారీ రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నలిగి చిరిగే ప్రమాదం ఉంది. కట్టు గురించి నా మాట ఇది: పూర్తిగా తెగిన ఏసీఎల్ కట్టుతో అతుక్కుంటుందని నమ్మి కూర్చోవద్దు, వారాల తరబడి కట్టేస్తే కీలు బిగుసుకుని తొడ కండ కరిగిపోతుంది. ఆ కుర్రాడికి లాక్‌మన్‌లో ఎముక స్పష్టంగా ముందుకొచ్చింది. చిన్న కెమెరా లోపలికి పంపి చేసే ఆర్త్రోస్కోపీలో చూస్తే ఏసీఎల్ పైఎముక నుంచి పూర్తిగా ఊడి పీసీఎల్ మీద అతుక్కుని ఉంది. తొడ వెనుక నరం లాంటి స్నాయువు తీసి కొత్త లిగమెంట్ వేశారు. మళ్లీ కబడ్డీ అంటే కనీసం తొమ్మిది నెలలు ఆగాలని చెప్పాం.

అలాగని కంప్లీట్ అనగానే ఆపరేషనే అనుకోకండి. మోకాలి లోపలి పక్కనుండే ఎంసీఎల్ లిగమెంట్ ఒక్కటే తెగితే, గ్రేడ్ 3 అయినా చాలామందికి బ్రేస్‌తోనే మానుతుంది.

సమస్య: మెనిస్కస్‌కి "గ్రేడ్ 3" అని ఉంది, మొత్తం తెగిపోయిందా?

లేదు. ఇక్కడే ఎక్కువమంది టెన్షన్ పడతారు. లిగమెంట్‌లో గ్రేడ్ 3 అంటే మొత్తం తెగడం, మెనిస్కస్‌లో గ్రేడ్ అంటే ఫోటోలో కనిపించే లోపలి మచ్చ ఎంతవరకు వచ్చిందన్నదే. గ్రేడ్ 1, 2 మచ్చలు లోపలే ఉంటాయి, పైపొర దాకా రావు, వాటిని చిరుగు అనరు, వాటికి ఆపరేషన్ అక్కర్లేదు. గ్రేడ్ 3 అంటే మచ్చ పైపొరను తాకింది, చిరుగు ఉంది అని అర్థం. అది చిన్నదా పెద్దదా అన్నది పక్కన రాసిన రకాన్ని బట్టి ఉంటుంది.

హారిజాంటల్ టేర్ నలభై యాభై దాటినవాళ్లలో నొప్పి లేకపోయినా కనిపిస్తుంది, ముందు వ్యాయామాలతో చూడొచ్చు. బకెట్ హ్యాండిల్ అని ఉండి కాలు పూర్తిగా చాపలేకపోతుంటే రోజుల్లోనే సర్జన్‌ని కలవండి, చిరిగిన ముక్క కీలు మధ్యలో ఇరుక్కుని ఉంటుంది. రూట్ టేర్ అన్న మాటను కూడా తేలిగ్గా తీసుకోవద్దు. కింద కూర్చుని శనక్కాయలు ఒలిచి లేస్తుంటే మోకాలి వెనకాల టక్కుమందని చెప్పే యాభై ఏళ్ల అమ్మలకు ఇది ఉండొచ్చు. మెనిస్కస్ వేరు ఊడితే అది బయటికి జరుగుతుంది, రిపోర్టులో దాన్ని ఎక్స్‌ట్రూజన్ అంటారు, 3 మిల్లీమీటర్లు దాటితే లెక్కలోకి తీసుకుంటారు. ఆలస్యమైతే ఎముకల మధ్య గుజ్జు తొందరగా అరిగిపోతుంది.

సమస్య: దెబ్బే తగల్లేదు, అయినా ఏసీఎల్ పార్షియల్ టేర్ అని వచ్చింది

వయసు పైబడ్డవాళ్లలో ఏసీఎల్ లోపల జిగట పదార్థం చేరి లావుగా, తెల్లగా కనిపిస్తుంది, దాన్ని మ్యూకాయిడ్ డీజనరేషన్ అంటారు. ఇది ఒక్కోసారి చిరుగులా చదవబడుతుంది. పోగులు పైనుంచి కింది దాకా కొనసాగుతూ, లాక్‌మన్‌లో ఎముక గట్టిగా ఆగుతుంటే అది తెగుడు కాదు. మోకాలు పూర్తిగా మడిచినప్పుడు వెనకాల నొప్పి ఒక్కటే ఉంటే, "ఇది మ్యూకాయిడ్ అయ్యుంటుందా?" అని సీడీ చూపించి డాక్టర్‌ని అడగండి.