థీసిస్‌లో అధ్యాయాల వరుస ఎలా పెట్టాలి?

చాలా థీసిస్‌లలో విషయం సరిపడా ఉంటుంది, వరుసే కుదరదు. చదివిన క్రమంలోనో ఫైళ్లు దొరికిన క్రమంలోనో రాసుకుంటూ పోయి, చివర్లో వాటికి అధ్యాయాలని పేరు పెడతారు. వరుస రాయకముందే తేలాలి. దానికి కావలసినవి కాగితం చీటీలు, పెన్సిలు, ఖాళీగా ఉన్న నేల. కొందరు ఎక్సెల్‌లో చేస్తారు. చీటీలే మేలు, అన్నీ ఒక్కసారి కంటికి కనిపిస్తాయి.

ఒక్కో చీటీ మీద ఒక్క విషయం, పూర్తి వాక్యంగా రాయండి. నీటిలో ఫ్లోరైడ్ తగ్గించడం మీ విషయం అనుకోండి, "పటిక" అని రాస్తే పనికిరాదు. "పటిక ఎంత వేయాలో నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి మారుతుంది" అని రాయాలి. మూలన సంవత్సరం వేయండి. పీహెచ్‌డీ అయితే యాభై అరవై చీటీలు, ప్రాజెక్టు రిపోర్టుకు ఇరవై చాలు.

ఇప్పుడు మీ పరిశోధన ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి. నల్గొండ ఫ్లోరైడ్ సమస్యనే తీసుకుందాం. "ఫ్లోరైడ్ నీటి పట్ల ప్రభుత్వ విధానం ఎలా మారుతూ వచ్చింది?" అని అడిగితే కాలక్రమం. "పరిష్కారాలు ఊళ్లలో ఎందుకు నిలబడలేదు?" అంటే ఇతివృత్తాల వారీగా. "ఈ ఊళ్లో ఏం చేస్తే ఫ్లోరైడ్ తగ్గుతుంది?" అంటే సమస్య, పరిష్కారం. చీటీలు అవే, ప్రశ్న మారితే వరుస మారుతుంది. ప్రశ్నలో ఈ మూడింటిలో ఏదీ కనబడకపోతే తప్పు వరుసది కాదు, ప్రశ్నది. సైన్సు థీసిస్‌లో పద్ధతులు, ఫలితాల అధ్యాయాల చోటు ముందే ఖాయం కాబట్టి, ఈ ఎంపిక మీకు పూర్వ పరిశోధనల సమీక్షలోనూ చర్చ అధ్యాయంలోనూ అక్కరకొస్తుంది.

కాలక్రమం తేలికగా కనిపిస్తుంది, అందుకే ఎక్కువ మంది దాన్నే పట్టుకుంటారు. దశాబ్దాలుగా మాత్రం కోయకండి. 1970 నుంచి 80, 80 నుంచి 90 అని విడగొడితే కేలెండర్ తయారవుతుంది తప్ప అధ్యాయం కాదు. ఏదో మారిన చోటే కోయాలి. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరైడ్ నీటి వల్ల ఎముకలు వంగే జబ్బును గుర్తించి ప్రచురించడం ఒక గుర్తు. 1970లలో పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ, నీటిలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం వాడే 'నల్గొండ పద్ధతి'ని తీసుకురావడం మరొకటి. 2016లో మిషన్ భగీరథ మొదలై, ఉన్న నీటిని శుద్ధి చేయడం కంటే బయటి నుంచి నదీజలం తేవడం వైపు మొగ్గడం ఇంకొకటి. రెండు భాగాల మధ్య "అందువల్ల" అని రాయగలిగితే కోత సరైంది. "ఆ తర్వాత" తప్ప మరో మాట అతకకపోతే ఆ రెండూ ఒకే భాగం.

చేతులు కాలేది ఇతివృత్తాల దగ్గర. ఇక్కడ తొందరపడవద్దు.

మొదటి తప్పు, ఆధారాల రకాన్ని బట్టి విడగొట్టడం: ఒక అధ్యాయం ప్రభుత్వ నివేదికలు, ఒకటి పత్రికా వ్యాసాలు, ఒకటి ఇంటర్వ్యూలు. అది బీరువా సర్దడం. రెండోది అంతకంటే వ్యాప్తిలో ఉంది: సామాజిక అంశాలు, ఆర్థిక అంశాలు, ఆరోగ్య అంశాలు, రాజకీయ అంశాలు. ఈ నాలుగు శీర్షికలూ పోచంపల్లి చేనేత మీద థీసిస్‌కైనా అలాగే అతికించవచ్చు. ఎక్కడైనా అతికే శీర్షిక మీ విషయం గురించి ఏమీ చెప్పనట్టే.

అతకడం లేదని చీటీలే చెబుతాయి. "ఎముకలు వంగిన వ్యక్తికి వికలాంగ పింఛను" అన్న చీటీని పట్టుకోండి. ఆరోగ్యమా, ఆర్థికమా, రాజకీయమా? మూడింట్లోనూ పడుతుంది. ఇలా రెండు మూడు కుప్పల్లో పడే చీటీలు ఒకటో రెండో ఉంటే ఫరవాలేదు. ప్రతి ఐదింట్లో ఒకటి అలా ఉంటే విభజనే తప్పు. అలాగే రాసేస్తే ఒకే విషయం మూడు అధ్యాయాల్లో వస్తుంది, పరీక్షకుడు "పునరుక్తి" అని రాస్తాడు.

అప్పుడు కుప్పలన్నీ కలిపేసి, ప్రశ్న దగ్గరకు తిరిగి వెళ్లండి. పరిష్కారాలు ఎందుకు నిలబడలేదన్నది ప్రశ్న కదా. ఏ పరిష్కారమైనా నిలబడాలంటే రోజూ దాన్ని ఎవరో నడపాలి, ఎవరో ఖర్చు భరించాలి, నీరు బాగుందో లేదో ఎవరో పరీక్షించాలి. ఇవీ మీ మూడు ఇతివృత్తాలు. పటిక మోతాదు చీటీ మొదటి దాంట్లో పడుతుంది, ఎందుకంటే బోరు మారితే మోతాదు మార్చాలి, ఊళ్లో ఆ లెక్క చూసే మనిషి కావాలి. అడుగున పేరుకున్న మడ్డిని తీసి పారబోసే పనీ అక్కడికే వస్తుంది. పింఛను చీటీ దేంట్లోనూ పడదు. అది నేపథ్యంలోకి వెళ్లాలి, లేదా పక్కన పెట్టాలి. చీటీ పారేయడానికి మనసొప్పక దానికోసం నాలుగో అధ్యాయం పుట్టించేవాళ్లే ఎక్కువ.

ఈ మూడింటి వరుసను ప్రాధాన్యాన్ని బట్టి పెట్టమని చాలామంది చెబుతారు. నా లెక్కలో అది తప్పు. ఏది తెలియకపోతే తర్వాతది అర్థం కాదో అది ముందుండాలి. రోజువారీ పని ఎంతో తెలియకుండా ఖర్చు అర్థం కాదు, కనుక నడపడం ముందు, ఖర్చు తర్వాత.

సమస్య, పరిష్కారం పద్ధతిలో గమనించాల్సింది కొలమానం. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం. సమస్యను మిల్లీగ్రాముల్లో చెబితే పరిష్కారాన్నీ మిల్లీగ్రాముల్లోనే తూచాలి. సమస్య అధ్యాయమంతా వంగిన ఎముకల గురించి రాసి, చివర్లో నీటిలో ఫ్లోరైడ్ తగ్గిందని ముగిస్తే జవాబు కాదు. నీరు మారినంత మాత్రాన వంగిన ఎముక తిరిగి నిటారుగా రాదు. సమస్యలు మూడు దాటితే అన్నిటినీ ముందు చెప్పేసి పరిష్కారాలు చివర పెట్టకండి, చదివేవాడు అప్పటికి మొదటి సమస్య మరచిపోతాడు. జంటలుగా నడపండి. మీ సమాచారం సమస్యను మాత్రమే నిరూపిస్తే ఈ పద్ధతి జోలికే వెళ్లవద్దు. "ప్రభుత్వం అవగాహన కల్పించాలి" అన్న అరపేజీ పరిష్కారం కాదు.

మూడింటినీ కలపవచ్చా? అధ్యాయాల స్థాయిలో ఒక్కటే పద్ధతి ఉండాలి, అధ్యాయం లోపల మరొకటి నడవవచ్చు. ఖర్చు అధ్యాయం లోపల కాలక్రమం చక్కగా ఇముడుతుంది. రెండు అధ్యాయాలు కాలక్రమంలో, మూడోది ఇతివృత్తంగా ఉంటే మాత్రం చదివేవాడు దారి తప్పుతాడు.

రాసేశాక వరుస మార్చాల్సి వస్తే వర్డ్‌లో కట్ చేసి పేస్ట్ చేయకండి. శీర్షికలకు `Heading 1`, `Heading 2` స్టైల్ ఇచ్చి, `View` లో `Navigation Pane` తెరిచి, ఎడమ పక్కన కనిపించే శీర్షికను లాగితే దాని కిందున్నదంతా వెంట కదులుతుంది. వర్డ్ ద్వారానే చేర్చిన పట్టికల నంబర్లకు `Ctrl+A`, తర్వాత `F9` నొక్కండి. ఆ తర్వాత "పైన చెప్పినట్టు", "ముందు అధ్యాయంలో" అనే మాటలు వెతికి ఒక్కొక్కటే చూడండి. అధ్యాయాలు కదిలాక వీటిలో కొన్ని తప్పకుండా అబద్ధమై ఉంటాయి, అవి ఏ మీట నొక్కినా సరికావు.