ప్లాన్ రాసే ముందు ఒక్క నిమిషం

"అన్నా, ఒక వర్కౌట్ ప్లాన్ ఇవ్వవా" అని ఒక్క ముక్క మెసేజ్ వస్తే వెంటనే రాసేయకండి.

- ముందు తేల్చాల్సింది నొప్పుల సంగతి. గోల్ తప్పైతే నెల వేస్ట్, అంతే. కానీ నడుం పట్టేస్తే మనిషే మంచం ఎక్కుతాడు.
- "ఇంజురీస్ ఉన్నాయా" అంటే అందరూ లేవనే అంటారు (నేనూ అలాగే అన్నా ఒకప్పుడు), అందుకే కింద కూర్చుని లేస్తే మోకాలు పట్టేస్తుందా, వంగితే నొప్పి కాల్లోకి లాగుతుందా, బీపీ టాబ్లెట్ వేసుకుంటున్నారా అని విడివిడిగా అడగండి.
- కాల్లోకి లాగుతుందంటే డెడ్‌లిఫ్ట్ రాయొద్దు, ముందు డాక్టర్‌కి చూపించుకోమనండి.
- తర్వాత గోల్. లెవెల్‌కి "ఆగకుండా ఎన్ని పుషప్స్ తీస్తావ్" చాలు.
- డంబెల్స్ లేకపోతే వాటర్ బాటిల్స్‌తో మొదలెట్టొచ్చు.