పాఠం 3: అరువు బేరంలో లాభం తప్పు కాదు, అప్పు మీద వడ్డీ తప్పు. ఎందుకు?

కిందటి పాఠంలో ఇస్లామిక్ వ్యాపార చట్టంలోని ముదారబా చూశాం. పెట్టుబడి ఒకరిది, శ్రమ మరొకరిది. లాభాన్ని ముందే ఒప్పుకున్న వాటాల ప్రకారం పంచుకుంటారు. నష్టం వస్తే డబ్బు పెట్టినవారికి డబ్బు పోతుంది, పనిచేసినవారికి శ్రమ పోతుంది. దాంట్లోంచి ఒక సూత్రం ఈ పాఠానికి కావాలి: పోతే భరించాల్సినవారికే వస్తే తీసుకునే హక్కు. అరబ్బీలో దీన్ని 'అల్ ఖరాజు బిద్దమాన్' అంటారు.

ఇప్పుడు మురాబహా. అమ్మేవాడు తనకైన ఖర్చు బయటపెట్టి, దాని మీద ఇంత లాభం అని చెప్పి అమ్మే బేరం ఇది. లెక్క వేసి చూద్దాం. ఒక బట్టల వర్తకుడు 10 తానులు 200 దిర్హాములకు కొన్నాడు. రంగు వేయించడానికి 30, హమాలీలకు 10 ఇచ్చాడు. కొట్టు అద్దెకు 15 అయింది. ఇందులో అసలు ఎంత?

12వ శతాబ్దంలో మర్ఘీనానీ రాసిన హనఫీ న్యాయ సంప్రదాయ గ్రంథం 'హిదాయా' దీనికి స్పష్టంగా జవాబిస్తుంది. (1791లో ఇంగ్లీషులోకి వచ్చాక బ్రిటిష్ ఇండియా కోర్టులు ఆధారపడిన గ్రంథం ఇదే.) సరుకు విలువ పెంచే ఖర్చులు, అంటే రంగు, మోత కూలి, అసలులో కలుస్తాయి, కొట్టు అద్దె కలవదు. కాబట్టి అసలు 240. అయితే వర్తకుడు "240కి కొన్నాను" అనకూడదు, అది అబద్ధం. "నాకు 240కి పడింది" అనాలి. మన సంతల్లో వాడే మాటే సరిగ్గా ఇక్కడ చట్టం అడిగే మాట. లాభానికి వాడుకలో ఉన్న పారశీక పలుకుబడి 'దహ్ యాజ్‌దహ్', పదికి పదకొండు. 240 మీద 24 కలిపితే 264. పడిన ధర ఎక్కువ చేసి చెప్పాడని తర్వాత బయటపడితే, హనఫీ సంప్రదాయానికి మూలపురుషుడైన అబూ హనీఫా ప్రకారం కొన్నవాడు ఒప్పుకున్న ధరకే ఉంచుకోవచ్చు, లేదా సరుకు తిరిగి ఇచ్చేయవచ్చు.

కొనేవాడు ఆరు నెలల గడువు అడిగాడు. రొక్కానికైతే 252, అరువుకైతే 264 అని వర్తకుడు బేరమాడవచ్చా? ఆడవచ్చు. గడువు ఇస్తే ధర పెరుగుతుందని న్యాయవేత్తలు ఒప్పుకున్నారు. అందుకే వర్తకుడు తానే అరువుకు కొన్న సరుకును మురాబహాలో అమ్మితే ఆ సంగతి చెప్పి తీరాలి. కానీ ఇద్దరూ విడిపోయేలోపు ఏదో ఒక్క ధర ఖాయం కావాలి. "ఇప్పుడిస్తే 252, తర్వాతిస్తే 264, నీ ఇష్టం" అని తేల్చకుండా సరుకు పట్టుకెళితే ఆ బేరం చెల్లదు. ధర ఏదో తెలియని అమ్మకం అది.

264కి ఖాయమైంది, ఆరు నెలలు గడిచాయి, కొన్నవాడి దగ్గర డబ్బు లేదు. "ఇంకో ఆరు నెలలు ఆగు, 288 ఇస్తాను" అంటాడు. ఇక్కడే రిబా, అంటే నిషేధించిన వడ్డీ, మొదలవుతుంది. ఇస్లాంకు ముందు అరబ్బులు బాకీదారుణ్ణి అడిగిన ప్రశ్న ఇదే: "తీరుస్తావా, పెంచుతావా?" ఖురాన్ 2:275లో ప్రత్యర్థుల వాదన కూడా ఉంది: అమ్మకమూ రిబా లాంటిదే కదా, అని. రెండు చోట్లా కాలానికే డబ్బు ఇస్తున్నప్పుడు తేడా ఏమిటని వాళ్ళ ప్రశ్న. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు.

తేడా కోసం సరుకు వైపు చూడండి. మొదటి 24 ఖాయమయ్యేనాటికి తానులు వర్తకుడివి. తడిసినా, కాలిపోయినా, ధర పడిపోయినా అతనికే నష్టం. ఆ 24 బట్ట ధరలో భాగం. రెండో 24కి ఎదురుగా ఏ సరుకూ లేదు. ఉన్నది కదలని బాకీ ఒక్కటే, దాని మీద అతను కొత్తగా ఏ నష్టభయమూ మోయడం లేదు. పైగా ఒక ధర దగ్గర ఆగే అమ్మకంలా కాకుండా, బాకీ ప్రతి గడువుకూ మళ్ళీ పెరుగుతుంది. ఎంత ఇబ్బందిలో ఉంటే అంత పెరుగుతుంది. అందుకే 2:280 ఇబ్బందిలో ఉన్నవాడికి వెసులుబాటు వచ్చేదాకా ఆగమంటుంది.

ఈ నియమాన్ని దాటవేసే పాత ఉపాయం 'ఈనా'. 264కి అరువు మీద కొన్నవాడు, అదే బట్టను అదే వర్తకుడికి వెంటనే 230 రొక్కానికి అమ్మేస్తాడు. రెండూ విడివిడిగా సరైన అమ్మకాల్లాగే కనిపిస్తాయి. కలిపి చూస్తే బట్ట బయలుదేరిన చోటికే చేరింది. మిగిలింది ఈరోజు 230, ఆరు నెలలకు 264. హనఫీ, మాలికీ, హన్బలీ న్యాయ సంప్రదాయాలవారు దీన్ని ఒప్పుకోలేదు. నాలుగో సంప్రదాయానికి మూలపురుషుడైన షాఫియీ మాత్రం ఒప్పందం పైరూపాన్నే చూడాలి, మనసులోని ఉద్దేశాన్ని కోర్టు ఊహించకూడదని దాన్ని చెల్లనిచ్చాడు. ఏ ఒప్పందంలోనైనా ఈనాను పట్టుకోవడానికి ఒకటే ప్రశ్న వేయండి: సరుకు చివరికి ఎవరి దగ్గర ఉంది?

అభ్యాసం: పై ఉదాహరణలో కొన్నవాడు తానులను అదే వర్తకుడికి కాక, బజారులో సంబంధం లేని మరొకరికి 235 రొక్కానికి అమ్మాడు. ఇది ఈనా అవుతుందా? సరుకు ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందో గీసి, ఒక్కో చేతిలో నష్టభయం ఎవరిదో పక్కన రాయండి. దీనికి 'తవర్రుఖ్' అని పేరు. న్యాయవేత్తల వాదాలు నాలుగో పాఠంలో.