షుగర్ ఉన్నవాళ్ళకి ఫ్లూ వస్తే: తినకపోయినా షుగర్ పెరుగుతుంటే ఏం చేయాలి?

పోయిన ఆగస్టులో బెంగళూరు ముసురుకి మా ఇంట్లో ముందు పిల్లాడికి, వాడి నుంచి మా నాన్నకి ఫ్లూ అంటుకుంది. నాన్నది హిందూపురం, మారతహళ్ళిలో మా దగ్గర ఉండడానికి వచ్చారు. పదిహేనేళ్ళుగా షుగర్. పగలు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ మాత్రలు, రాత్రి పడుకునేముందు 16 యూనిట్ల గ్లార్జిన్ ఇన్సులిన్.

మొదటి రోజు సాయంత్రానికి 102 జ్వరం, ఒళ్ళంతా నొప్పులు. రాత్రి అర ఇడ్లీ తిని కంచం పక్కకి నెట్టేశారు. ఇన్సులిన్ పెన్ను తెస్తే, 'ఏమీ తినకుండా వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోతానమ్మా, ఈ పూటకి వద్దులే' అన్నారు. నాకూ సబబే అనిపించింది. తెల్లవారుజామున 5 గంటలకి నాలుగోసారి బాత్రూమ్‌కి లేస్తే అనుమానమొచ్చి చూశాను. 318.

తినని మనిషికి ఇంత షుగర్ ఎక్కడిది? కాలేయం నుంచి. జ్వరంతో పోరాడేటప్పుడు ఒళ్ళు కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లను ఎక్కువగా వదులుతుంది. అవి కాలేయంలో దాచుకున్న గ్లూకోజ్‌ని రక్తంలోకి తోయిస్తాయి, పైగా ఇన్సులిన్ పని చేయకుండా అడ్డుపడతాయి. అందుకే కంచం ఖాళీగా ఉన్నా మీటర్ పైకే పోతుంది. కింది పనులన్నీ ఈ ఒక్క విషయం మీద ఆధారపడినవే.

1. మందుల డబ్బా తీసి, ఏది ఆపాలో ఏది ఆపకూడదో విడదీయండి

రోజుకోసారి వేసుకునే గ్లార్జిన్ లాంటి ఇన్సులిన్ అన్నం కోసం కాదు, కాలేయం వదిలే షుగర్‌ని అదుపు చేయడానికి. తినకపోయినా అది పూర్తిగా మానకూడదు. తగ్గించాలా పెంచాలా అన్నది డాక్టర్ చెప్పాలి. టైప్ 1 వాళ్ళు మానితే ప్రాణం మీదికే వస్తుంది. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ లెక్క వేరు, తిండిని బట్టి అది మారుతుంది.

మాత్రల్లో మూడు రకాలు చూడండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ షుగర్‌ని మూత్రంలోకి పంపేవి. తిండి, నీళ్ళు సరిగ్గా పోని రోజుల్లో ఇవి ఒంట్లో నీటిని తగ్గిస్తాయి, కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకునేలా చేస్తాయి. మెట్‌ఫార్మిన్ వాంతులు, విరేచనాలతో నీరసించినప్పుడు కిడ్నీలు దాన్ని సరిగ్గా బయటికి పంపలేకపోవడం వల్ల ఇబ్బంది పెడుతుంది. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ మరో రకం, తినకపోతే షుగర్‌ని మరీ దించేస్తాయి. ఆరింటికల్లా మా డాక్టర్‌కి ఫోన్ చేస్తే మొదటి రెండు మాత్రలూ ఆపించి, ఇన్సులిన్ అప్పుడే వేయించారు. ఆ రాత్రి నుంచి 18 యూనిట్లు అన్నారు. అది మా నాన్న లెక్క, మీది మీ డాక్టర్‌ని అడగండి.

అదే ఫోన్‌లో ఫ్లూ వైరస్‌కి వాడే ఒసెల్టామివిర్ గురించి కూడా అడగండి. షుగర్ ఉన్నవాళ్ళకి ఫ్లూ ముదిరే ప్రమాదం ఎక్కువ, ఈ మందేమో లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. 'రెండ్రోజులు చూద్దాం' అనుకుంటే ఆ గడువు దాటిపోతుంది.

2. నాలుగు గంటలకోసారి చూడండి, కానీ చేతులు కడిగించాకే

రాత్రి కూడా ఒకసారి లేచి చూడాలి. టైము, షుగర్, జ్వరం, తాగినది ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. మా పుస్తకంలో 10 గంటలకి 291 ఉంది. 2 గంటలకి 341. గుండె జారింది. తీరా చూస్తే అంతకుముందే ఆయన బత్తాయి ఒలుచుకుని రెండు తొనలు తిన్నారు. వేలికి అంటిన రసంలోని తీపి కూడా మీటర్ లెక్కలోకి వచ్చేస్తుంది. స్పిరిట్ దూదితో తుడిచినా అది పూర్తిగా పోదు. సబ్బుతో కడిగించి, తుడిచి మళ్ళీ గుచ్చితే 268. ఆ 341ని నమ్మి ఇన్సులిన్ పెంచి ఉంటే ఏమయ్యేదో! సాయంత్రం 6కి 231, రాత్రి 10కి 208.

3. గంటకో గ్లాసు తాగించండి

షుగర్ ఎక్కువైతే మూత్రంతో నీళ్ళు పోతాయి, నీళ్ళు తగ్గితే రక్తంలో షుగర్ ఇంకా చిక్కబడుతుంది. మెలకువగా ఉన్నంతసేపు గంటకి 150 నుంచి 200 మి.లీ. గుక్కగుక్కగా పట్టండి. గుండె, కిడ్నీ జబ్బుతో నీళ్ళకి కొలత పెట్టినవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడిగే పెంచాలి.

ఏది తాగించాలో మీటర్ చెబుతుంది. 250 పైన ఉంటే మంచినీళ్ళు, పల్చటి మజ్జిగ, చారు నీళ్ళు. బాగా దిగి, తిండి సయించకపోతే గంజి, రాగి జావ. ఇక్కడ బెంగళూరులో జ్వరం అనగానే రాగి అంబలి పెడతారు. మంచిదే, కానీ రాగి జావలో షుగర్ పెరగదన్న నమ్మకం తప్పు. చిన్న గిన్నె చాలు, మూడు నాలుగు గంటలకోసారి. ఓఆర్‌ఎస్ వాడితే లీటరు నీళ్ళలో కలిపే పొడి ప్యాకెట్ తీసుకోండి. డబ్బాల్లో దొరికే తీయటి పానీయాలు అలాంటివి కావు, చక్కెర ఎంతుందో వెనక చదవండి.

దగ్గు సిరప్‌లో చక్కెర ఉందని కంగారు పడేవాళ్ళు చాలామంది. చెంచాడు సిరప్ వల్ల వచ్చేది కొంచెమే. అసలు చూసుకోవాల్సింది ఒళ్ళు నొప్పులకి షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు. నీళ్ళు తగ్గిన కిడ్నీలకి అవి దెబ్బ. పారాసిటమాల్ చాలు, అది జలుబు మాత్రల్లో కూడా ఉంటుంది కాబట్టి రెండూ కలపకండి.

4. కీటోన్లు చూడండి

మూత్రంలో ముంచి రంగు చూసే కీటోన్ పట్టీలు మెడికల్ షాపులో దొరుకుతాయి. షుగర్ 250 దాటి తగ్గకపోతే చూడాలి. ఇన్సులిన్ లేక ఒళ్ళు కొవ్వును కాల్చుకుంటే వచ్చే ఆమ్లాలే ఈ కీటోన్లు. మా నాన్నకి రంగు కొద్దిగా మారింది, రెండోసారికి అది కూడా పోయింది. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవాళ్ళకి ఒక చిక్కుంది: షుగర్ 180, 200 దగ్గరే కనబడుతున్నా కీటోన్లు పెరగవచ్చు. అందుకని వాళ్ళు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే మీటర్ అంకె చూసి నిశ్చింతగా ఉండకూడదు.

5. ఇంట్లో ఆగకూడని స్థితి

నీళ్ళు కూడా కడుపులో నిలవకపోవడం, లోతుగా వేగంగా ఊపిరి తీయడం, నోట్లో మాగిన పండు వాసన, మత్తుగా ఉండి పొంతన లేకుండా మాట్లాడడం, పట్టీ ముదురు రంగుకి తిరగడం, 300 పైన ఉన్న షుగర్ వరుసగా రెండుసార్లు చూసినా దిగకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆసుపత్రికే. మీటర్ మీద అంకె రాకుండా `HI` అని వస్తే మీటర్ పాడైందని కాదు, అది కొలవగలిగే హద్దు దాటిందని అర్థం. చాలా మీటర్లలో ఆ హద్దు 600. వెంటనే 108కి ఫోన్ చేయండి.

షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్ళీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి.

6. జ్వరం తగ్గాక అసలు పొరపాటు

నాలుగో రోజుకి జ్వరం పోయింది, నాన్న చారన్నం అడిగి మరీ తిన్నారు. ఇన్సులిన్ మాత్రం అలవాటుగా 18 యూనిట్లే వేశాం. ఐదో రోజు పొద్దున చూస్తే 84, చేతులు కాస్త వణుకుతున్నాయి. జ్వరం కోసం పెంచిన డోసు జ్వరంతోనే దిగాలి. డాక్టర్ మళ్ళీ 16కి దించారు. ఆపిన మాత్రలు ఒకటి రెండు రోజులు మామూలుగా తిని, తాగాకే మొదలుపెట్టమన్నారు. ఆరో రోజు మెట్‌ఫార్మిన్, ఆ మర్నాడు డాపాగ్లిఫ్లోజిన్ వేశాం.